కీపర్‌కి రెండోసారి పాస్ ఇస్తే ఫౌలా? ఫైవ్స్ రూల్ తెలిసినవాళ్లు చెప్పండి

కుడివింగ్_శ్రీను
మొన్నటి అయిదుగురి ఫుట్‌బాల్ ఫైనల్ ఇంకా మింగుడుపడట్లేదు. స్కోరు 3-3, ఇంకో నిమిషం కూడా లేదు. వాళ్ల షాట్‌ని మా కీపర్ పట్టుకుని కుడిపక్కనున్న మా డిఫెండర్‌కి దొర్లించాడు. వాళ్ల ఫార్వర్డ్ మీదకొచ్చేసరికి మావాడికి దారి దొరక్క బంతిని మళ్లీ కీపర్‌కే తన్నాడు. కీపర్ చేత్తో ముట్టుకోలేదు. శుభ్రంగా కాలితో ఆపి ఎడమపక్కకి ఇచ్చాడు. అంతే, విజిల్. ఇండైరెక్ట్ ఫ్రీ కిక్, అదీ మా బాక్స్ గీత మీద. ఒకడు తట్టాడు, ఇంకొకడు బాదాడు, 4-3. కప్పు పోయింది.
పెద్ద ఫుట్‌బాల్‌లో బ్యాక్‌పాస్‌ని చేత్తో పట్టుకుంటేనే కదా తప్పు? కాలితో ఆడితే ఏం తప్పు? రెఫరీ ఏ రూల్ చూసి ఇచ్చాడో ఎవరైనా చెప్పండి.

గోల్‌పోస్ట్_గిరి
చెయ్యి తగల్లేదంటే అది ఫౌల్ కానే కాదు. రెఫరీ తప్పే. కంప్లైంట్ పెట్టండి.

విజిల్_వెంకట్
గిరి గారూ, తొందరపడకండి. ఆడింది ఫుట్‌సాల్, అంటే గోడల్లేని కోర్టులో ఆడే ఫైవ్స్ రూల్స్‌తో అయితే రెఫరీ ఇచ్చింది కరెక్టే. కీపర్ ఒకసారి బంతి ఆడేశాక, అవతలి టీమ్ వాళ్లెవరూ దాన్ని తాకకుండా తన టీమ్‌వాడే కావాలని తిరిగి తన్ని ఇస్తే, కీపర్ తన సగంలో ఉన్నంతవరకూ దాన్ని ముట్టుకోకూడదు. చెయ్యైనా కాలైనా ఒకటే. ముట్టుకుంటే ఇండైరెక్ట్ ఫ్రీ కిక్.
శ్రీను చెప్పినదాంట్లో కీపర్ షాట్ పట్టుకుని దొర్లించడం మొదటిసారి. డిఫెండర్ వెనక్కిచ్చింది తీసుకోవడం రెండోసారి. మధ్యలో వాళ్లెవరూ తాకలేదు. మీరు చెప్పిన ప్రకారం ఇందులో అనుమానానికి తావే లేదు.

కుడివింగ్_శ్రీను
అంటే కాలితో కూడా కాదా?! ఇదేం రూల్ అన్నా. అయితే కీపర్ ఉండి ఏం లాభం, అయిదుగురిలో ఒకణ్ని కట్టేసినట్టే కదా.

లత_పివో
కట్టేయడానికే ఆ రూల్. 40 మీటర్ల కోర్టులో కీపర్‌కి ఎన్నిసార్లైనా ఇచ్చుకోవచ్చంటే ముందున్న టీమ్ చివరి అయిదు నిమిషాలూ అయిదుగురితో బంతి తిప్పుకుంటూ కూర్చుంటుంది. ప్రెస్ చేసేవాళ్లు నలుగురే, అవతల అయిదుగురు. పట్టుకోవడం అయ్యేపని కాదు.

సైడ్‌లైన్_సత్తి
కిక్-ఇన్ నేరుగా కీపర్‌కి ఇవ్వకూడదని మాకు ఎవరో చెప్పారు. శ్రీను అన్న, మీది కూడా అదే కేసు అనుకుంటా. త్రో అయితే ఇవ్వొచ్చు, కిక్-ఇన్ ఇవ్వకూడదు.

విజిల్_వెంకట్
సత్తి, అది వేరే సంగతి. పైగా ఫుట్‌సాల్‌లో చేత్తో త్రో లేనేలేదు, బంతి గీత మీద కదలకుండా పెట్టి కాలితో వెయ్యడమే. కిక్-ఇన్ కీపర్‌కి ఇవ్వొచ్చు, అతను చేత్తో పట్టుకోకూడదంతే. అంతకుముందు అతను బంతి ఆడేసి, ఆ తర్వాత అవతలివాళ్లు తాకకుండా ఉంటే కాలితో కూడా కుదరదు. కానీ సాధారణంగా కిక్-ఇన్ మనకొచ్చిందంటే బంతిని బయటికి పంపింది అవతలివాళ్లే. వాళ్లు తాకారు కాబట్టి కీపర్ మళ్లీ ఫ్రీ.

సైడ్‌లైన్_సత్తి
ఓ, అందుకేనా మావాళ్లు కిక్-ఇన్ రాగానే కీపర్‌కి ఇచ్చి ఊపిరి పీల్చుకునేది.

బాక్స్_బాబ్జీ
మీరందరూ ఒకటి మర్చిపోతున్నారు. కీపర్ బాక్స్ దాటి బయటికి రాకూడదు, మనవాళ్లు బాక్స్‌లోకి వెళ్లకూడదు. బంతి తల ఎత్తు దాటినా ఫౌలే. కీపర్ విసిరింది సగం గీత దాటకూడదు. నేను చిన్నప్పట్నుంచీ ఆడేది ఇదే.

కోచ్_మూర్తి
బాబ్జీ, మీరు చెప్పేది చుట్టూ గోడలు, నెట్లు కట్టిన కోర్టుల్లో ఆడే ఫైవ్స్. అక్కడ ఆ రూల్స్ నిజమే. బాక్స్ కీపర్‌ది మాత్రమే, బంతి గోడకి తగిలి తిరిగొస్తుంది కాబట్టి చాలాచోట్ల కిక్-ఇన్ గొడవే ఉండదు. ఫుట్‌సాల్ దానికి భిన్నం. కీపర్ ఎక్కడికైనా వెళ్లొచ్చు, ఎవరైనా బాక్స్‌లోకి రావొచ్చు, బంతి ఎంత ఎత్తుకైనా లేపొచ్చు. ఇండోర్‌లో సీలింగ్‌కి తగిలితే మాత్రం అవతలివాళ్లకి కిక్-ఇన్. సగం గీత దాటించి విసరకూడదన్నది కొన్ని టోర్నీలు సొంతంగా పెట్టుకునే రూల్. అందుకే టోర్నీకి పేరిచ్చేటప్పుడే ఏ రూల్స్‌తో ఆడతారో అడగాలి. సగం గొడవలు ఈ రెండు ఆటల్నీ కలిపేయడం వల్లే వస్తాయి.

బాక్స్_బాబ్జీ
ఫుట్‌సాల్ అయినా కీపర్ చేత్తో విసిరి గోల్ వేస్తే చెల్లదుగా. అదైనా నేను చెప్పింది కరెక్టేనా?

కోచ్_మూర్తి
అది కరెక్ట్. విసిరిన బంతి ఎవరికీ తగలకుండా నేరుగా గోల్లోకి పోతే చెల్లదు. ఆట నడుస్తుండగా కాలితో కొడితే చెల్లుతుంది.

నాలుగోసెకను
శ్రీను, నాలుగు సెకన్ల సంగతి మీ కీపర్‌కి తెలుసా? తన సగంలో బంతి చేతిలో ఉన్నా కాలి దగ్గరున్నా నాలుగు సెకన్లే. కిక్-ఇన్‌కి నాలుగు, కార్నర్‌కి నాలుగు, ఫ్రీ కిక్‌కి నాలుగు. ఈ పేరు పెట్టుకున్నందుకు నేను చెప్పకపోతే ఎలా.

కుడివింగ్_శ్రీను
అది తెలుసు. రెఫరీ వేళ్లు చూపిస్తూ లెక్కపెడతాడు. పదకొండుమంది ఆటలో 6 సెకన్లు కదా, ఎవరూ పట్టించుకోరు కూడా.

విజిల్_వెంకట్
2025-26 రూల్స్‌తో అది 8 సెకన్లయింది. దాటితే అవతలివాళ్లకి కార్నర్ ఇస్తున్నారు, కాబట్టి ఇప్పుడు అక్కడా పట్టించుకుంటున్నారు. ఫుట్‌సాల్‌లో శిక్ష అన్నింటికీ ఒకేలా ఉండదు. కిక్-ఇన్ ఆలస్యమైతే అదే చోట అవతలివాళ్లకి కిక్-ఇన్ పోతుంది, నష్టం చిన్నదే. కీపర్ ఆలస్యం చేస్తే ఇండైరెక్ట్ ఫ్రీ కిక్. అది బాక్స్ లోపల జరిగితే బంతిని దగ్గర్లోని బాక్స్ గీత మీదకి తెచ్చి పెడతారు. మీకు గోల్ పడింది అక్కణ్నుంచే కదా.

ప్రెస్_ప్రవీణ్
నేను ఫార్వర్డ్‌ని కాబట్టి అవతలి వైపు నుంచి చెప్తా. శ్రీను, ఆ ఫార్వర్డ్ మీ డిఫెండర్ మీదకొచ్చినప్పుడు బంతి కోసం కాలు చాపాడా, లేక దూరంగా నిలబడి దారి మాత్రమే మూశాడా?

కుడివింగ్_శ్రీను
కాలు చాపలేదు. రెండడుగుల దూరంలో ఆగి, టచ్‌లైన్ వైపు పాస్‌ని మూసేశాడు. ఇంకొకడు మధ్యలో మా ఎడమవాడి మీద ఉన్నాడు. వెనక్కి తప్ప ఎటూ దారి లేదు. ఎందుకు?

ప్రెస్_ప్రవీణ్
అయితే వాడికి ఆట బాగా తెలుసు. కీపర్ ఒకసారి ఆడేశాక మీరు మీ సగంలో నలుగురే, వాళ్లూ నలుగురే, వెనక తలుపుకి తాళం పడిపోయినట్టు. ఆ తాళం మళ్లీ తెరిచేది వాళ్ల కాలి స్పర్శే. తొందరపడి కాలు చాపి బంతిని గీరితే బంతి రాకపోయినా మీ కీపర్ ఫ్రీ అయిపోతాడు. అందుకే మేం ప్రెస్ చేసేటప్పుడు ఒకటే మాట అనుకుంటాం: గెలవలేని బంతిని ముట్టుకోవద్దు. దారులు మూసి నిలబడితే అవతలివాడు వెనక్కైనా తన్నాలి, గుడ్డిగా ముందుకైనా బాదాలి. రెండూ మాకే లాభం.
కీపర్ మొదటి బంతి విసరకముందే మేం పరిగెత్తుకు వెళ్లం. అతను ఆడేదాకా ఆగుతాం. ఆడిన మరుక్షణం కదులుతాం.

లత_పివో
మా మీద ఇది ప్రతి మ్యాచ్‌లో జరిగేది. చివరికి ఒక అలవాటు పెట్టుకున్నాం. కీపర్ బంతి ఆడగానే తనే "అయిపోయింది!" అని గట్టిగా అరుస్తుంది. ఆ కేక వినిపిస్తే వెనక్కి పాస్ లేదని అందరికీ తెలుసు. అవతలివాళ్లు తాకితే "ఉంది!" అంటుంది. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ బంతి కాలి దగ్గరున్నవాళ్లు అదంతా గుర్తుపెట్టుకోలేరు. వెనకనుంచి చూసేవాళ్లే చెప్పాలి.

గోల్‌పోస్ట్_గిరి
మా కీపర్ మ్యాచ్ అంతా అరుస్తూనే ఉంటాడు, అందులో ఈ కేక ఏదో ఎలా తెలుస్తుంది 😄

కోచ్_మూర్తి
లత గారి పద్ధతి మంచిది. దానికి ఇంకొకటి కలపండి. "అయిపోయింది" అన్నాక మన పివో, అంటే అందరికంటే ముందు ఆడేవాడు, తప్పనిసరిగా ముందుకెళ్లి నిలబడాలి, డిఫెండర్‌కి దూరపు పాస్ ఒకటైనా ఉండాలి. శ్రీను వాళ్ల విషయంలో వింగర్ ఎక్కడున్నాడు?

కుడివింగ్_శ్రీను
నేనే వింగర్‌ని. సహాయానికని వెనక్కొచ్చాను. డిఫెండర్‌కి మూడు మీటర్ల దూరంలో ఉన్నా.

కోచ్_మూర్తి
అదే చిక్కు. మీరు దగ్గరికి రావడంతో మిమ్మల్ని కాసేవాణ్ని కూడా వెంటబెట్టుకొచ్చారు, ఇరుకు ఇంకా పెరిగింది. కీపర్ వాడేసిన తర్వాత బంతి ఉన్నవాడికి దగ్గరికి కాదు, దూరం జరగాలి. గీత వెంబడి పైకి పరిగెత్తితే కాసేవాడు వెనక్కి వెళ్లాలి, అప్పుడు మధ్యలో చోటు తెరుచుకుంటుంది. ఎవరూ దొరక్కపోతే బంతిని ఎదుటివాడి కాళ్లకేసి కొట్టి బయటికి పంపమని మా పిల్లలకి చెప్తా. కిక్-ఇన్ మనకే, పైగా వాళ్లు తాకారు కాబట్టి కీపర్ తిరిగొచ్చేశాడు.

విజిల్_వెంకట్
ఆ చివరిది నేను చాలా మ్యాచ్‌ల్లో చూశాను. తెలివైన పని.

కుడివింగ్_శ్రీను
ఇప్పుడే మా డిఫెండర్‌తో మాట్లాడా. వాడు వేరే మాట అంటున్నాడు. వెనక్కి తన్నేటప్పుడు బంతి ఆ ఫార్వర్డ్ బూటు అంచుకి రాసుకుంటూ పోయిందట. అప్పుడే చెప్పానంటున్నాడు, రెఫరీ వినలేదట. నిజమే అయితే ఫౌల్ లేనట్టేగా?

విజిల్_వెంకట్
నిజంగా తగిలి ఉంటే లేనట్టే. ఎంత తగిలింది, కావాలని తాకాడా అన్నది లెక్క కాదు. రాసుకున్నా తాకినట్టే. కాకపోతే ఆ క్షణంలో రెఫరీకి అది కనిపించాలి. ఇద్దరు రెఫరీలు ఎదురెదురు టచ్‌లైన్ల మీద ఉండేది ఇందుకే. బంతి దారి మారిందా, వేగం తగ్గిందా అని చూస్తాం. రెండూ లేకపోతే తాకలేదనే అనుకుంటాం.

ప్రెస్_ప్రవీణ్
మీరే ఇందాక రెండడుగుల దూరంలో ఆగాడన్నారు. ఆ దూరంలో రాసుకుందంటే నమ్మబుద్ధి కావట్లేదు.

కుడివింగ్_శ్రీను
మొదట ఆగాడు. మావాడు తిరిగాక ఒక అడుగు వేశాడట. వీడియోలో సరిగ్గా ఆ చోటే మా సబ్‌లు అడ్డం నిలబడి ఉన్నారు, ఏమీ కనిపించట్లేదు.

గోల్‌పోస్ట్_గిరి
సబ్‌లు గీత పక్కన నిలబడితే రెఫరీ ఊరుకున్నాడా? మాకైతే బెంచీ మీద కూర్చోమని గోల పెడతారు.

రోలింగ్_రాజు
సబ్‌ల మాటొచ్చింది కాబట్టి నాదొకటి. సబ్‌లకి లెక్క లేదు, వెళ్లినవాడు మళ్లీ రావొచ్చు, ఆట ఆపక్కర్లేదు అని విని మేం ఇష్టం వచ్చినట్టు మార్చుకున్నాం. ఒకడు అలసిపోయి అవతలి గీత దగ్గర బయటికి నడిచాడు, ఇంకొకడు బెంచ్ నుంచి పరుగెత్తుకొచ్చాడు. విజిల్, లోపలికొచ్చినవాడికి ఎల్లో కార్డు, వాళ్లకి ఇండైరెక్ట్ ఫ్రీ కిక్. మేం అయిదుగురమే ఉన్నాం కదా సార్ అంటే వినలేదు.

విజిల్_వెంకట్
అయిదుగురున్నారా అనేది ఒక్కటే చూడం రాజు. బెంచ్ ముందు గీత మీద 5 మీటర్ల సబ్‌స్టిట్యూషన్ జోన్ ఉంటుంది. బయటికొచ్చేవాడు అందులోంచే రావాలి, అతను పూర్తిగా బయటికొచ్చాకే రెండోవాడు అందులోంచే లోపలికెళ్లాలి. గాయమైతే సంగతి వేరు. సబ్ వేసుకున్న బిబ్ బయటికొచ్చేవాడికి అందించడం ఇందుకే. బిబ్ చేతులు మారిందంటే ఇద్దరూ ఒకే చోట ఉన్నట్టు, ఎవరు ముందు వచ్చారన్న అనుమానం ఉండదు. ఆట నడుస్తుండగా ఇంకెలా పట్టుకుంటాం చెప్పండి.

రోలింగ్_రాజు
బిబ్ ఎందుకో ఇప్పుడర్థమైంది. మేం చెమట తుడుచుకోవడానికి వాడాం 😂

నాలుగోసెకను
శ్రీను, ఆ ఫ్రీ కిక్‌కి మీవాళ్లు ఎలా నిలబడ్డారు? నాకు అసలు తప్పు అక్కడే జరిగిందనిపిస్తోంది. ఇండైరెక్ట్‌కి గోల్ పడాలని లేదుగా.

కుడివింగ్_శ్రీను
ముగ్గురం గోడ కట్టాం, కీపర్ వెనక గోల్ గీత మీద. ఒకడు వాళ్ల ఇంకో ఆటగాడి మీద. వాళ్లు పక్కకి అరడుగు తట్టేసరికి గోడ పక్కనుంచి షాట్ పోయింది.

కోచ్_మూర్తి
బాక్స్ గీత గోల్‌కి 6 మీటర్లు. మీరు బంతికి 5 మీటర్ల దూరం ఇవ్వాలి. అంటే గోడ దాదాపు గోల్ గీత మీదే. అంత వెనక్కి వెళ్లాక కీపర్‌ని గోడ వెనక దాచడం వృథా, అతనికి బంతి కనిపించదు కూడా. మేం అయితే గోల్ 3 మీటర్లే కాబట్టి కీపర్‌ని మధ్యలో, చెరో పక్క ఒకడిని పెట్టి, నాలుగోవాణ్ని మొదటి తట్టు పడగానే బంతి మీదకి దూకమంటాం. రెఫరీ చెయ్యి పైకెత్తి ఉంచుతాడు, రెండోవాడు తాకేదాకా దించడు. నేరుగా గోల్లోకి కొడితే గోల్ కాదు, మన కీపర్‌కి బంతి. కాబట్టి మొదటి తట్టుకి బంతి కదలగానే దూకాలి, దానికి ముందు కాదు.

విజిల్_వెంకట్
ముందే దూకితే ఎల్లో కార్డు రావొచ్చు, అది కూడా చెప్పండి పిల్లలకి.

లత_పివో
ఒక డౌట్. ఫ్లయింగ్ కీపర్‌కి ఈ రూల్ ఎలా? మేం చివర్లో ఓడిపోతున్నప్పుడు కీపర్‌ని తీసేసి ఆటగాణ్ని కీపర్ జెర్సీతో దింపుతాం. అవతలి సగంలో అయిదుగురం బంతి తిప్పుతాం, అప్పుడు అతని దగ్గరికి ఎన్నోసార్లు వెళ్తుంది. ఎవరూ విజిల్ వేయలేదు ఇప్పటిదాకా.

విజిల్_వెంకట్
వేయరు. రెండోసారి ముట్టుకోకూడదన్నదీ, నాలుగు సెకన్లూ తన సగంలో ఉన్నప్పుడే. అవతలి సగంలో కీపర్ కూడా మామూలు ఆటగాడే. జాగ్రత్త పడాల్సింది సగం గీత దగ్గర. వెనక్కి జరిగి బంతి తీసుకునే అలవాటున్నవాడు ఒక్క అడుగు ఇవతలికి వస్తే చాలు. ప్రెస్‌కి ముందుకొచ్చిన అవతలి టీమ్ అతన్ని అలా నెట్టాలనే చూస్తుంది. గీతకి ఒక మీటరు అవతల నిలబడమనండి.

లత_పివో
మావాడు గీత మీదే నిలబడతాడు. ఇకనుంచి చెప్తాను.

గోల్‌పోస్ట్_గిరి
గీత మీదుంటే ఏ సగం కిందకొస్తుంది?

విజిల్_వెంకట్
అక్కడ రెఫరీని బట్టి పోతుంది. నేనైతే కాలు పూర్తిగా దాటిందా అని చూస్తా. మీరు ఆ అనుమానం రాకుండా ఆడండి.

ప్రెస్_ప్రవీణ్
దాంతో నేను ఒప్పుకోను. ఒక కాలు అవతల పెట్టి బంతి ఆ కాలితో ఆడితే అవతల ఉన్నట్టే తీసుకోవాలి. మా లీగ్‌లో అలాగే వదిలేస్తారు.

కుడివింగ్_శ్రీను
ఇంకొకటి అడుగుతా. కీపర్ ఆడేశాడు, బంతి ఎవరూ తాకలేదు, అప్పుడు వాళ్లు మావాణ్ని తోసి ఫౌల్ చేశారు. ఆ ఫ్రీ కిక్ కీపర్‌కి ఇవ్వొచ్చా? బంతి వాళ్లకి తగల్లేదుగా.

కోచ్_మూర్తి
మంచి ప్రశ్న. ఆట ఆగింది కాబట్టి లెక్క మళ్లీ మొదలవుతుందని నేను అనుకుంటా.

విజిల్_వెంకట్
రూల్లో ఉన్నది అవతలివాళ్లు బంతి ఆడటం, తాకడం మాత్రమే. ఆట ఆగడం గురించి కాదు. ఆ వాక్యం ప్రకారం చూస్తే ఇవ్వకూడదు. నాతో పనిచేసే రెఫరీల్లోనే ఇద్దరు ఇందులో రెండు రకాలుగా అంటారు.

లత_పివో
అయితే మేం ఆ ఫ్రీ కిక్ ముందుకే వేస్తాం. మ్యాచ్‌కి ముందు కెప్టెన్ల మీటింగ్‌లో రెఫరీని అడిగేయడం మేలు.

కుడివింగ్_శ్రీను
వచ్చే ఆదివారం వాళ్లతోనే ఫ్రెండ్లీ ఉంది. "అయిపోయింది" కేక ఈ వారమే ప్రాక్టీసులో మొదలుపెడుతున్నాం. కీపర్‌కి చెప్తే "ఇన్నాళ్లూ ఎవరూ నాకు చెప్పలేదేం" అంటున్నాడు. వెంకట్ అన్నా, బూటుకి రాసుకున్న విషయం వాళ్ల ఫార్వర్డ్‌నే అడుగుతా, నిజం చెప్తాడేమో చూద్దాం.

ప్రెస్_ప్రవీణ్
నేనైతే చెప్పను 😄 కాలు చాపలేదని మాత్రం మీరే ఒప్పుకున్నారు.

సైడ్‌లైన్_సత్తి
కిక్-ఇన్ నేరుగా గోల్లోకి కొడితే గోలేనా? ఇది ఎవరూ చెప్పలేదు.

నాలుగోసెకను
కాదు సత్తి. నేరుగా పోతే వాళ్ల కీపర్‌కి బంతి. దారిలో ఎవరి కాలికైనా తగిలి పోతే గోల్. అందుకే మేం రెండో పోస్ట్ దగ్గర ఒకణ్ని నిలబెట్టి గట్టిగా నేల మీదుగా కొడతాం. వాడు కాలు పెడితే చాలు, డిఫెండర్ కాలికి తగిలినా చాలు.